ఏం రంగర్రా ఇది?

ఆయనకి గులాబీరంగు ఎలా ఉంటుందో తెలియదు. ఆకుపచ్చ కూడా తెలియదు. పలచగా ఉంటే ఆ రెండూ ఆయన కళ్ళకి ఒకటే, గిన్నెలు కడిగిన నీళ్ళలాంటి బూడిదరంగు. అలాంటి మనిషి ఉద్యోగంలో చేరిన నాటినుంచీ డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకి రంగుల పాఠమే చెబుతూ వచ్చాడు. చెప్పడమేమిటి, ఆ పాఠం చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా అనిపించుకున్నాడు. నవ్వకండి. జరిగింది వినండి, నవ్వాలో ఏడవాలో తర్వాత చూసుకుందురుగాని.

కిటుకు చిన్నదే. రంగు పేరు ఆయన తన నోటితో చెప్పడు. బీకరు చేతిలోకి తీసుకుని, కిటికీవైపు ఎత్తి, "ఏం రంగర్రా ఇది?" అని అరుస్తాడు. క్లాసంతా ఒక్క గొంతుతో "గులాబీ సార్!" అంటుంది. అప్పుడాయన "ఎందుకు గులాబీ?" అని మొదలుపెడతాడు. అంతే. పిల్లలు ఆయనకి ఏంరంగు సారు అని పేరు పెట్టేశారు. తోటి లెక్చరర్లు దాన్ని బోధనా పద్ధతి అన్నారు. పిల్లల చేతే చూపించి, పిల్లల చేతే చెప్పించి, కారణం మాత్రం తను చెప్పడం ఎంత గొప్ప విషయమో అని ప్రిన్సిపాల్ మీటింగుల్లో పొగుడుతుంటే, సారు తల వంచుకుని వినయంగా నవ్వేవాడు.

పిల్లల దగ్గర మాత్రం ఆ వినయం మచ్చుకైనా ఉండేది కాదు. కోపం ఎప్పుడూ ముక్కుమీదే. క్లాసులోకి రాగానే అయిదుగురిని లేపేవాడు.

"మీరు అయిదుగురూ డీ ఆర్బిటాళ్ళు. ఎలక్ట్రాన్లు కాపురం ఉండే ఇళ్ళు. లోహ అయాన్ ఒంటరిగా ఉన్నంతకాలం అయిదుగురికీ ఒకటే శక్తి, ఒకటే హోదా. అర్థమైందా? ఇప్పుడు నీళ్ళలో వేశాం. ఆరు నీటి అణువులు మీదికొస్తున్నాయి. ముందూ వెనకా, కుడీ ఎడమా, పైనా కిందా."

అయిదుగురిలో ఇద్దరిని బెంచీల మధ్య దారుల్లో నిలబెట్టేవాడు. ముగ్గురిని ఆ దారులకి పక్కగా, మూలల్లో. ఇంకో నలుగురిని చేతిలో చాక్‌పీసులతో నాలుగు దారుల్లోంచి రమ్మనేవాడు. పైనుంచీ కిందనుంచీ వచ్చే ఇద్దరినీ ఊహించుకోమనేవాడు.

"చాక్‌పీసులో ఎలక్ట్రాన్లున్నాయి. ఇంట్లోనూ ఎలక్ట్రాన్లున్నాయి. ఒకదానికొకటి పడవు, నెట్టుకుంటాయి. దారికి అడ్డంగా నిలబడ్డ ఈ ఇద్దరికీ దెబ్బ సూటిగా తగిలింది. వీళ్ళ శక్తి పెరిగింది. బెంచీ ఎక్కండిరా! మూలల్లో నక్కిన ముగ్గురికీ దెబ్బ తగ్గింది. మీరు కింద కూర్చోండి. ఒక మెట్టు రెండు మెట్లయింది. ఈ రెండు మెట్ల మధ్య ఎడమే ఈ పాఠం. కింది మెట్టు మీద ఎలక్ట్రాన్‌కి పైకి గెంతాలని ఉంటుంది. ఆ ఎడానికి సరిగ్గా సరిపోయే శక్తి ఉన్న వెలుగు దొరికితే మింగేసి గెంతుతుంది. మింగింది పోగా మిగిలిన వెలుగు నీ కంటికొస్తుంది. నువ్వు చూసే రంగు అయాన్ తిన్నది కాదురా, వదిలేసింది."

ఇంత చక్కగా చెప్పిన మనిషి, బెంచీ ఎక్కిన ఇద్దరినీ గంట మోగేదాకా దించేవాడు కాదు. కోతికి కొమ్మ దొరికినట్టుందే అనేవాడు. నెట్టేస్తే ఎక్కావు తప్ప నీ గొప్పేముందిరా అనేవాడు. ఒకసారి ఒకమ్మాయి కోబాల్ట్ ద్రావణాన్ని చూసి "ఎరుపులా ఉంది సార్" అంది. అందరూ గులాబీ అంటే నీకు ఎరుపు ఎలా అయిందని నిలదీసి, చిన్నపిల్లల బడికెళ్ళి రంగులు నేర్చుకు రమ్మని వరండాలోకి పంపేశాడు. ఆ అమ్మాయి తలుపు పక్కన నిలబడి పైట చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎరుపో గులాబీయో ఆయనకే తెలియదని దానికేం తెలుసు పాపం!

దాంతో పిల్లలు ఆయన చెప్పని పాఠం కూడా నేర్చుకున్నారు. దారిలో నిలబడకూడదు, మూలలో నక్కాలి. పక్కవాడు ఏమంటే అదే అనాలి.

ఆ ఏడాది డిపార్ట్‌మెంట్ పెద్దసారు రిటైరయ్యాడు. కుర్చీ ఖాళీ అయింది. వరసలో తర్వాతి పేరు ఏంరంగు సారుదే. కాకపోతే బయటినుంచి ఒక పరిశీలకుడు వచ్చి, ఆయన క్లాసులో కూర్చుని చూసి, సరే అనాలి. జీవితమంతా ఆ కుర్చీ మీదే కన్ను వేసుకుని బతికినవాడు, నిద్ర మానేసి తన క్లాసులో లొసుగు ఎక్కడుందో వెతుక్కున్నాడు. బీకర్లలో లేదు. అవి ఎప్పుడూ పరమాణు సంఖ్య వరసలోనే ఉంటాయి, ఎడమనుంచి కోబాల్ట్, నికెల్, రాగి, జింక్. రాగిది, అంటే మైలతుత్తం, నీలం. నీలం ఒక్కటీ ఆయన్ని ఎప్పుడూ మోసం చేయలేదు, అందరికీ కనిపించినట్టే కనిపిస్తుంది. జింక్‌కి రంగే ఉండదు, మంచినీళ్ళలా ఉంటుంది. ఇక మొదటి రెండూ వరసని బట్టే. లొసుగు బీకర్లలో లేదు, మూడో బెంచీలో ఉంది.

మూడో బెంచీలో ఆయన మేనల్లుడు కూర్చుంటున్నాడు.

అక్క బట్టలు కుడుతుంది. ముందు గదిలో మిషను, వెనక గదిలో కాపురం. సారుకి లోకంలో భయమంటూ ఉంటే అది ఆ ముందు గదంటేనే, ఎందుకంటే ఆయన గుట్టు పుట్టింది అక్కడే. చిన్నప్పుడు అక్క దారపు రీళ్ళు అందించమంటే ఎర్రదానికి ఆకుపచ్చది ఇచ్చేవాడు. అమ్మ చూస్తే వీపు పగిలేది. అందుకని అక్క రీళ్ళన్నీ గోడకి మేకులు కొట్టి వరసగా పెట్టింది. మొదటిది ఎరుపు, రెండోది ఆకుపచ్చ, మూడోది నీలం. "రంగు చూడకురా తమ్ముడూ, చోటు చూడు" అని నేర్పింది. ఇవాళ ఆయన బల్లమీద బీకర్లు పెట్టే వరస ఆ గోడమీదిదే. అక్క ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, తమ్ముడు కూడా ఆమెకి ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు.

పరిశీలకుడు వస్తున్నాడని తెలిసిన వారం అక్కే కబురు పెట్టింది. సారు వెళ్ళి, చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కూర్చో. మంచినీళ్ళు తెస్తాను."

"టైం లేదక్కా. ఏంటో చెప్పు."

"వాడు లాబ్‌లో అన్నీ తప్పులే చేస్తున్నాడంట. లాబ్ చూసే కొత్త మేడం రెండుసార్లు బయటికి పంపిందంట. ఏ ఉప్పు ఏ రంగో తెలియట్లేదు. వాడికీ నీ కళ్ళే వచ్చాయిరా."

సారు వెనక్కి తిరిగి వీధిలో ఎవరైనా ఉన్నారా అని చూశాడు. "మెల్లగా మాట్లాడు."

"నువ్వెలా నెట్టుకొచ్చావో అది వాడికీ నేర్పు. వరస పెట్టుకోవడం, లేబుల్ వేసుకోవడం, ఆసిడ్ పోసి చూడడం, నీకు తెలిసిన ఉపాయాలన్నీ. వాడికి ఆ సబ్జెక్టంటే ప్రాణం. నీ పాఠం విని ఇంటికొచ్చి నాకు చెబుతాడు. ఈ కుట్టుమిషను మీద గుండీలు పరిచి ఇది లోహం, ఇవి నీళ్ళు అని చూపిస్తాడు."

"రంగులు తెలియనివాడికి కెమిస్ట్రీ ఎందుకు? తీసుకెళ్ళి కామర్స్‌లో పడెయ్."

అక్క మిషను ఆపి తమ్ముడి మొహంలోకి చూసింది. "మరి నీకెందుకురా?"

"నా సంగతి వేరు."

"ఏం వేరు? మేనమామ పోలిక అని పురిట్లోనే అన్నారందరూ. నేను మురిసిపోయాను కూడా."

ఆ మాట వినగానే సారు మనసులో లెక్క వేసుకున్నాడు. వాడు లాబ్‌లో నాలుగుసార్లు తప్పితే ఎవరో ఒకరు కంటి పరీక్ష చేయించుకోమంటారు. పరీక్షలో బయటపడితే, ఈ కంటిలోపం తల్లి వైపునుంచి కొడుకులకి దిగుతుందని కెమిస్ట్రీ వాళ్ళకి తెలియకపోయినా పక్క గదిలో జీవశాస్త్రం వాళ్ళకి తెలుసు. వాడి మేనమామ ఎవరో తెలిసిందంటే, కుర్చీ మాట దేవుడెరుగు, ఉన్న పరువు కూడా వరండాలో నిలబడాలి.

"వాడిని పిలు" అన్నాడు.

వాడు వెనక గదిలోంచి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, నోట్లో నాలుక లేనట్టుంటాడు. "మామయ్యా" అన్నాడు, మొహమంతా నవ్వుతో.

"అదిగో, ఆ మాటే. కాలేజీలో నేను సారునే. నీకు నేనేమీ కాను. నేను నీ మేనమామనని ఎవరడిగినా చెప్పకూడదు. మీ అమ్మ మీద ఒట్టు పెట్టు."

"ఒట్టెందుకులేరా..." అంది అక్క.

"పెట్టమను."

వాడు అమ్మ తలమీద చెయ్యి పెట్టాడు. "చెప్పను మామయ్యా. ఎవరికీ చెప్పను." అక్క మిషను మళ్ళీ తిప్పింది. సారు చెప్పులు విడవనేలేదు కాబట్టి వేసుకునే పని కూడా లేకుండా వెళ్ళిపోయాడు.

పరిశీలకుడు వచ్చిన రోజు క్లాసు నిండుగా ఉంది. కొత్త మేడం ముందే వచ్చి నాలుగు బీకర్లు బల్లమీద వరసగా పెట్టింది. పిల్లలు ముందుగా చదివేస్తారని సారు లేబుళ్ళు అంటించనిచ్చేవాడు కాదు. అదీ పద్ధతేనని మేడం నమ్మింది. పక్కన గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ సీసా, గ్లవ్స్ పెట్టి, వెళ్ళి చివరి బెంచీలో కూర్చుంది.

పరిశీలకుడు పెద్దవాడు, మెత్తగా మాట్లాడే మనిషి. పక్కన ప్రిన్సిపాల్. సారు వాళ్ళకి నమస్కారం పెట్టి, బోర్డువైపు తిరిగి అయిదు ఆర్బిటాళ్ళ బొమ్మ మొదలుపెట్టాడు. బొమ్మ ఆయన అద్భుతంగా వేస్తాడు. వేస్తున్నంతసేపూ వీపు బల్లవైపే ఉంటుంది.

ప్రిన్సిపాల్‌కి ఖాళీగా కూర్చోవడం చేతకాదు. లేచి బల్ల దగ్గరికెళ్ళి, "చూశారా సార్, మా డిపార్ట్‌మెంట్ ఎంత కళగా ఉందో!" అని చెరో చేత్తో మొదటి రెండు బీకర్లూ ఎత్తి పరిశీలకుడికి చూపించాడు. గులాబీ ఒక చేతిలో, ఆకుపచ్చ ఒక చేతిలో. చూపించి మళ్ళీ బల్లమీద పెట్టాడు. పెట్టడంలో అటుది ఇటు, ఇటుది అటు అయింది. దాందేముంది, కళ్ళున్న ఎవరికైనా ఏది ఏదో కనిపిస్తూనే ఉంది కదా.

కొత్త మేడం చూసింది. చెప్దామని సగం లేచింది కూడా. కిందటి వారం బోర్డుమీద ఒక అంకె తప్పుందని చెప్పినందుకు, "మీకు అంత వస్తే నా క్లాసులో ఎందుకు కూర్చున్నారు?" అని సారు పిల్లల ముందే కడిగేశాడు. కళ్ళున్న మనిషి చూసుకోడా అనుకుని మళ్ళీ కూర్చుంది.

సారు బోర్డునుంచి తిరిగాడు. గ్లవ్స్ తొడుక్కున్నాడు. ఎడమ చివరి బీకరు తీసుకుని కిటికీవైపు ఎత్తాడు. వెలుగు అందులోంచి దూరి బల్లమీద పడింది.

"ఏం రంగర్రా ఇది?"

పిల్లలు నోరు తెరిచేలోపే పరిశీలకుడు చెయ్యెత్తాడు. "మాస్టారూ, ఏమీ అనుకోకండి. అందరూ ఒకేసారి అరిస్తే ఎవరికి తెలుసో ఎవరికి తెలియదో నాకెలా తెలుస్తుంది? ఒక్కరి చేత చెప్పించండి."

"అదిగో, ఆ మూడో బెంచీ కుర్రాడు. లే బాబూ" అన్నాడు ప్రిన్సిపాల్. ఈయనకి ఆ రోజు ఏ పుణ్యం చేతులకంటుకుందో గానీ ముట్టుకున్నదల్లా చెడగొట్టాడు.

మేనల్లుడు లేచాడు. బీకరువైపు చూశాడు. వాడికి కనిపించింది బూడిదరంగు. మామయ్య మొహంవైపు చూశాడు. మామయ్యకి కనిపిస్తున్నదీ అదే బూడిదరంగని ఆ గదిలో వాడికొక్కడికే తెలుసు. పక్కన కూర్చున్నవాడు పెదవులు కదపకుండా "ఆకుపచ్చ" అని ఊదాడు.

"ఆకుపచ్చ సార్" అన్నాడు వాడు.

సారుకి ప్రాణం లేచొచ్చింది. ఎడమ చివరిది కోబాల్ట్, అది గులాబీ, ఇందులో అనుమానం లేదు. వీడు గుడ్డిగా ఏదో చెప్పాడు, తప్పాడు. జీవితంలో మొదటిసారి రంగు విషయంలో ఇంకొకణ్ణి తను కచ్చితంగా తప్పు పట్టగలడు. పైగా వీడినే. వీడికీ తనకీ ఏ సంబంధమూ లేదని నలుగురికీ చూపించడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు.

"ఆకుపచ్చా? నీ మొహంమీద ఉన్నవి కళ్ళా, చొక్కా గుండీలా?"

ఎవరూ నవ్వలేదు. ఎప్పుడూ నవ్వేవాళ్ళు కూడా నవ్వలేదు.

"గులాబీరా! గు, లా, బీ! చంటిపిల్లలు చెప్తారు. ఇలాంటి గుడ్డివాళ్ళని కెమిస్ట్రీలో చేర్పించిన తల్లిదండ్రులని అనాలి. మీ అమ్మకి బుద్ధి ఉందా? ఏం చూసి పంపిందిరా నిన్నిక్కడికి?"

వాడి మొహం పాలిపోయింది. అమ్మ మాట ఎత్తేదాకా వాడు నిటారుగానే నిలబడ్డాడు.

"చెప్పు. ఏం రంగు?"

"గులాబీ సార్."

"వినపడలేదు."

"గులాబీ సార్!"

చివరి బెంచీలోంచి "సార్, ఒక్క మాట..." అంది కొత్త మేడం. "మేడం, మధ్యలో రావద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు సారు, అటు చూడకుండానే.

"వీడి పక్కవాడు. లే. ఏం రంగు?"

ఆకుపచ్చ అని ఊదినవాడు లేచాడు. బీకరు చూశాడు. సారుని చూశాడు. బెంచీ ఎక్కి నిలబడ్డ గంటలన్నీ వాడి పిక్కల్లో ఉన్నాయి. "గులాబీ సార్" అన్నాడు.

"రెండో బెంచీ?"

"గులాబీ సార్."

"మొదటి బెంచీ? అమ్మాయిలు?"

వరండాలో నిలబడి ఏడ్చిన అమ్మాయి కూడా నేలచూపులు చూస్తూ, "గులాబీ సార్" అంది. ఆకుపచ్చ నీళ్ళు కిటికీ వెలుగులో తళతళలాడుతుంటే, ఒక్కొక్కరే లేచి దాన్ని గులాబీ చేసి కూర్చున్నారు. సారు విజయగర్వంతో పరిశీలకుడివైపు చూశాడు. పరిశీలకుడి కనుబొమ్మలు పైకి లేచి ఉన్నాయి. మెచ్చుకుంటున్నాడనుకున్నాడు.

"ఎందుకు గులాబీ?" అని అందుకున్నాడు. ఆ రోజు చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. "కోబాల్ట్ చుట్టూ ఆరు నీటి అణువులు. అయిదు ఇళ్ళు రెండు మెట్లయ్యాయి. ఆ మెట్ల మధ్య ఎడం సుమారుగా ఆకుపచ్చ వెలుగు శక్తికి సరిపోతుంది. తెల్లటి వెలుగులో ఆకుపచ్చని అయాన్ మింగేసింది. మిగిలింది మన కంటికొచ్చింది. అది గులాబీ. ఆకుపచ్చ అన్నవాడు అయాన్ తిన్నది చెప్పాడు, వదిలింది చెప్పలేదు. సరే, నీళ్ళని తరిమేద్దాం. వాటి స్థానంలో క్లోరైడ్‌ని తెద్దాం. నాలుగే వస్తాయి, అవి కూడా దారుల్లోంచి రావు, మూలల్లోంచి వస్తాయి. నెట్టుడు తక్కువ. మెట్ల మధ్య ఎడం తగ్గిపోతుంది. ఎడం తగ్గితే తక్కువ శక్తి ఉన్న వెలుగు చాలు. ఎరుపువైపు వెలుగు మింగుతుంది. అప్పుడు మిగిలేది?"

"నీలం సార్" అన్నాయి రెండు మూడు గొంతులు, చాలా చిన్నగా.

"నీలం! చూడండి."

బీకరు బల్లమీద పెట్టి ఆసిడ్ పోశాడు. పొగ కొద్దిగా లేచింది. ఇది ఆయనకి ప్రాణంలాంటి ఘట్టం. బూడిదరంగు నీళ్ళు నీలంగా మారడం ఆయన తన కళ్ళతో చూడగలిగే ఒకే ఒక్క అద్భుతం. ఏటా పిల్లలకంటే తనే ఎక్కువ ఆత్రంగా చూసేవాడు.

నీలం రాలేదు.

ఇంకొంచెం పోశాడు. గాజుకడ్డీతో కలిపాడు. ఆసిడ్ చాలలేదేమోననుకుని మళ్ళీ పోశాడు. నీళ్ళు ఏ మాత్రం చలించకుండా బూడిదగానే ఉన్నాయి. ఇంత ఆసిడ్ పోశాక, కోబాల్టే అయితే ఈపాటికి నీలమవ్వాలి. కాకపోతే? ఆ బల్లమీద ఆసిడ్ పోస్తే నీలమవని బూడిద నీళ్ళు ఇంకొక్కటే ఉన్నాయి. నికెల్. నికెల్ ఆకుపచ్చ.

సారు చేతిలో గాజుకడ్డీ ఆగిపోయింది. ఇందాకటినుంచి ఒక్కరూ ఎందుకు నవ్వలేదో, మేడం ఎందుకు లేచిందో, ఆ కనుబొమ్మలెందుకు లేచాయో అన్నీ ఒక్కసారే తెలిసొచ్చాయి. గదినిండా మనుషులు, అందరికీ కళ్ళున్నాయి, ఒక్కరూ చెప్పలేదు. చెప్పనివ్వనిది తనే.

"ఆసిడ్ చాలు మాస్టారూ" అన్నాడు పరిశీలకుడు. ఆ గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాడు సారు. "అందులో ఉన్నది నికెల్. ఇందాక ప్రిన్సిపాల్‌గారు తీసి తిరిగి పెట్టేటప్పుడు తారుమారయ్యాయి. మీరు చూసుకుంటారనుకున్నాను." ఆగి, మూడో బెంచీవైపు తిరిగాడు. "బాబూ, నువ్వు ముందు సరిగ్గానే చెప్పావు. మరెందుకు మార్చావు?"

వాడు ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు. "నాకు రంగులు సరిగా తెలియవు సార్. పక్కవాడు ఆకుపచ్చ అన్నాడు, నేనూ అన్నాను. సారు గులాబీ అన్నారు, మళ్ళీ అదే అన్నాను."

"పుట్టుకతోనేనా?"

"అవున్సార్. ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోతాయి. మేనమామ పోలిక అంటుంది మా అమ్మ."

ఇంట్లో రోజూ వినే మాట, నాలుక మీదికి దానంతటదే వచ్చేసింది. అన్నాక గానీ వాడికి తెలియలేదు ఏమన్నాడో. సారు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"మీ అమ్మగారు చెప్పింది సైన్సే" అన్నాడు పరిశీలకుడు, ఆసక్తిగా. "ఇది తల్లి మోస్తుంది, కొడుక్కి బయటపడుతుంది. ఆమెకి కనపడుతుంది, ఆమె తమ్ముడికో కొడుక్కో కనపడదు. మీ మేనమామ కూడా ఇలాగే ఇబ్బంది పడ్డాడేమో. ఏం చేస్తుంటారాయన?"

వాడు నోరు తెరిచాడు. అమ్మ తలమీద పెట్టిన చెయ్యి గుర్తొచ్చి మూశాడు. అబద్ధం చెప్పి ఉంటే అయిపోయేది. బట్టల కొట్టు అనో, ఊళ్ళో లేడనో చెబితే సరిపోయేది. వాడికి అది తోచలేదు. వాడికి తోచింది ఒట్టు ఒక్కటే. సాయం చెయ్యమన్నట్టు బల్ల వెనక నిలబడ్డ సారువైపు చూశాడు. వాడి వెంటే క్లాసంతా చూసింది. ప్రిన్సిపాల్ చూశాడు. పరిశీలకుడూ చూశాడు.

"కాలేజీలో చెప్పొద్దన్నారు సార్" అన్నాడు వాడు.

ప్రిన్సిపాల్ జేబులోంచి తీసిన పెన్నుకి మళ్ళీ మూత పెట్టేశాడు. పరిశీలకుడు వాడినుంచి సారువైపు, సారునుంచి వాడివైపు చూసి, ఆ ముక్కూ ఆ గడ్డమూ పోల్చుకుని, తల దించుకున్నాడు. అడగడానికి ఏమీ మిగల్లేదు. ఇద్దరూ లేచి, కుర్చీలు చప్పుడు కాకుండా జరిపి, బయటికెళ్ళిపోయారు. కుర్చీ కూడా వాళ్ళ వెనకే వెళ్ళిపోయిందని సారుకి తెలుసు.

గంట ఇంకా మోగలేదు. పిల్లలు కదల్లేదు. సారు గ్లవ్ తొడుక్కున్న చేత్తో రెండో బీకరు తీశాడు. ఇది ఇప్పుడు కోబాల్టే అవ్వాలి, లెక్క ప్రకారం. కానీ వరస పోయాక లెక్కని కూడా నమ్మలేకపోయాడు. కిటికీవైపు ఎత్తాడు. బూడిద. కిందికి దించి, ఇందాక ఆసిడ్ పోసిన మొదటిది ఎత్తాడు. అదీ బూడిదే.

జీవితమంతా అడిగిన ప్రశ్నే. కానీ నిజంగా తెలుసుకోవాలని అడగడం అదే మొదటిసారి. దాదాపు బతిమాలుతున్నట్టు, మొదటి బీకరునే పిల్లలకి చూపించాడు.

"ఏం రంగర్రా ఇది?"

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మూడో బెంచీ కుర్రాడు తల ఎత్తలేదు. మిగిలినవాళ్ళంతా, ఆయన నేర్పినట్టే, ఒక్క గొంతుతో చెప్పారు.

"గులాబీ సార్."